పాపం, నెట్‌ని ఏమీ అనకండి

మన ఇళ్లలో నేరం ఎవరు చేసినా శిక్ష రూటరుకే పడుతుంది. కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచారు. తెర మధ్యలో గుర్తు, దాని కింద సన్నటి గీత. గీత సగం దాకా పాకి ఆగిపోయింది. వెంటనే ఇంట్లో ఒకరు లేచి గోడమీది రూటరు స్విచ్ ఆపి, మనసులో పది లెక్కపెట్టి, మళ్లీ వేస్తారు. పక్కగదిలో ఆన్‌లైన్ క్లాసు వింటున్న పిల్లాడు కేకేస్తాడు. గీత మాత్రం కదలదు. ఇక కేబుల్ అబ్బాయికి ఫోను. సమస్య ఏమిటో వినకముందే "ఏరియా మొత్తం ప్రాబ్లమే సార్, సాయంత్రానికి క్లియర్ అయిపోద్ది" అంటాడతను. ఇంత జరుగుతున్నా అదే కంప్యూటర్లో, పక్క ట్యాబులో, సినిమా పాట హెచ్‌డీలో ఎక్కడా ఆగకుండా మోగుతూనే ఉంటుంది. నెట్ నిర్దోషి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కానీ ఆ సాక్షిని బోను ఎక్కించేవాడు లేడు.

అసలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. వాడు ఎలా వచ్చి చేరాడో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

వాట్సాప్ వెబ్ 2015 జనవరిలో వచ్చినప్పుడు, కంప్యూటర్ తెరమీద కనిపించేదంతా ఫోన్లో ఉన్నదాని ప్రతిబింబమే. ఫోన్లో చార్జింగ్ అయిపోతే కంప్యూటర్లోనూ కథ అయిపోయేది. 2021లో పద్ధతి మారింది. ఒక ఫోనుకి నాలుగు పరికరాల దాకా తగిలించుకోవచ్చు, ఫోను ఆఫ్‌లో ఉన్నా అవి వాటంతటవే నడుస్తాయి అన్నారు. జనం సంతోషించారు. అంతకుముందు అద్దంగా ఉన్న కంప్యూటరు ఆ రోజు నుంచి వేరు కాపురం పెట్టిందని మాత్రం ఎవరూ గమనించలేదు. వేరు కాపురమంటే సామాను కావాలి కదా. మెసేజీల తాళం తీసే రహస్య సంకేతాలు, కాంటాక్టుల జాబితా, పాత చాట్లు, ఎవరికి ఎంతవరకు అందాయన్న లెక్క, ఇవన్నీ మీ హార్డ్‌డిస్కులోనే, బ్రౌజరు ఆ సైటుకి కేటాయించిన చోట, ఇండెక్స్‌డ్ డీబీ అనే డేటాబేసులో పోగుపడటం మొదలైంది. ప్రతి సైటుకీ బ్రౌజరు ఇలాంటి చోటు ఒకటి ఇస్తుంది. సైట్ డేటా అంటే అదే.

పేజీ తెరవగానే వాట్సాప్ చేసే మొదటి పనుల్లో ఒకటి ఆ డేటాబేసుని తెరిచి చదవడం. కరెంటు పోయి రాత మధ్యలో ఆగిపోయినా, డిస్కు నిండి సగమే రాయగలిగినా, ఏదో క్లీనరు ఒక ముక్క చెరిపి ఒక ముక్క వదిలేసినా, ఆ చదవడం అక్కడే ఆగుతుంది. దాంతోపాటు గీతా ఆగుతుంది. లోపల ఏం జరిగిందో అది మీకు చెప్పదు. "End-to-end encrypted" అని కింద చిన్న అక్షరాల్లో భరోసా మాత్రం ఇస్తూ ఉంటుంది. సందేహం లేదు, ఎంత రహస్యమంటే తన గొడవ తన యజమానికి కూడా చెప్పుకోనంత రహస్యం. దణ్ణం పెట్టే బొమ్మకి ఆరు రంగుల చేతులు గీయించగలిగిన కంపెనీకి, "మీ కంప్యూటర్లో దాచినది చదవలేకపోతున్నాను, చెరిపేసి మళ్లీ లింక్ చేసుకోండి" అన్న ఒక్క వాక్యం రాయించడానికి మనిషి దొరకలేదు. దొరికే ఉంటాడు. కానీ ఆ వాక్యం పెడితే తప్పు తమదని ఒప్పుకున్నట్టు. గీత పెడితే తప్పు మీ నెట్‌ది.

కంపెనీ మౌనం పాటిస్తే మాట్లాడటానికి మనవాళ్లు లేరా? ఈ దేశంలో జ్వరానికి మందు చెప్పనివాడైనా ఉంటాడేమో గాని, "క్యాష్ క్లియర్ చెయ్" అని చెప్పనివాడు ఉండడు. బాబాయి చెబుతాడు, ఆఫీసులో అటెండరు చెబుతాడు, ఫోన్లో మాట్లాడుతున్న బావమరిది వెనక నుంచి వాళ్లావిడ కూడా చెబుతుంది. రోగి చెప్పినట్టే చేస్తాడు. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే ఒక పెట్టె వస్తుంది. అందులో "Cached images and files" దగ్గర టిక్కు పెట్టి చెరిపేస్తాడు. గీత అక్కడే ఉంటుంది. ఉండక ఏం చేస్తుంది? చెరిపింది బొమ్మల్నీ పేజీ ముక్కల్నీ. పాడైన డేటాబేసు ఆ పద్దు కిందికి రానే రాదు. అది ఆ పై వరసలో, "Cookies and other site data" అన్న చోట ఉంది.

ఆ సంగతి తెలిసిన రెండో వైద్యుడు ఇంకా ప్రమాదకరం. ఆయన ఆ పై టిక్కూ పెట్టించి, కాలపరిమితి దగ్గర "All time" ఎంచుకోమని, ధైర్యంగా నొక్కమంటాడు. వాట్సాప్ బాగవుతుంది, నిజమే. దాంతోపాటు మెయిలు, బ్యాంకు, పిల్లల స్కూలు ఫీజు కట్టే సైటు, కరెంటు బిల్లు సైటు, ఇంకా పాస్‌వర్డు ఎక్కడ రాసుకున్నామో గుర్తులేని అన్నింటి నుంచీ ఒక్కసారిగా బయటపడతారు. ఒక్క సైటు సామాను ఖాళీ చేయాల్సింది, ఊరు ఖాళీ చేయించాడన్నమాట. ఆ సాయంత్రమంతా ఓటీపీలతో గడుస్తుంది. వైద్యుడు మాత్రం "చెప్పానా, బాగైందా లేదా" అంటాడు.

ఒక మండల కేంద్రంలో, బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్ కథ చూడండి. ఈ రోజుల్లో జిరాక్స్ సెంటరుకి ప్రాణం జిరాక్స్ మిషను కాదు, వాట్సాప్. ఆధార్ కార్డు, పట్టాదారు పాసుబుక్కు, పిల్లల మార్కుల మెమో, పెళ్లి శుభలేఖ ప్రూఫు, అన్నీ "ఈ నంబరుకి పెట్టండి" అన్న బోర్డు మీది నంబరుకి వచ్చి, అక్కడి నుంచి కంప్యూటర్లోకి దిగి, ప్రింటై బయటికి వస్తాయి. అడ్మిషన్ల రోజులు. బయట వరస. రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది, దాని మీద అగరొత్తుల స్టాండు పెట్టుకున్నారు. పొద్దున్నే కంప్యూటరు పెట్టి చూస్తే గీత కదలడం లేదు.

"వచ్చిందా బాబూ?"

"వస్తోంది పెదనాన్నా, నెట్ స్లోగా ఉంది. అలా కూర్చో."

పెదనాన్న కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు కూర్చున్నారు. హార్డ్‌వేర్ కుర్రాడికి కబురు వెళ్లింది. ఈ వర్గం వారికి తెలిసిన మందు ఒకటే. తలనొప్పికీ అదే, కాలు బెణికినా అదే. వచ్చీ రాగానే, కుర్చీ కూడా లాక్కోకుండా, "ఫార్మాట్ కొట్టాలన్నా" అన్నాడు. ఫార్మాట్ అంటే ఆ షాపులో ఉన్న ప్రింటరు డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు, వందల శుభలేఖల డిజైన్లు అన్నీ ఖాళీ. ఓనరు ఒప్పుకునేవాడే. ఆ సమయానికి ఏదో సర్టిఫికెట్ ప్రింటు కోసం వచ్చిన మేనల్లుడు, బీటెక్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నవాడు, "మామయ్యా, ఒక్క నిమిషం" అన్నాడు. పని లేనివాడికే ఒక్క నిమిషం ఉంటుంది మరి.

వాడు ముందు చేసింది బాగుచేయడం కాదు, తప్పు ఎక్కడుందో తేల్చడం. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అందులో web.whatsapp.com కొట్టాడు. క్యూఆర్ కోడు వచ్చింది. షాపు ఫోనుతో స్కాన్ చేస్తే చాట్లు వచ్చేశాయి. ఆ ఒక్క పరీక్షతో నెట్టు, ఫోను, కంపెనీ సర్వర్లు, బ్రౌజరు వయసు, అన్నీ కేసులోంచి విడుదలయ్యాయి. ఇన్‌కాగ్నిటోలో పాత సైట్ డేటా ఉండదు, ఎక్స్‌టెన్షన్లు కూడా మనం అనుమతిస్తే తప్ప నడవవు. మిగిలిన ముద్దాయిలు ఆ రెండే. పెదనాన్న పాసుబుక్కు ఆ కిటికీలోంచే ప్రింటు తీసి ఇచ్చి పంపేశారు. పరీక్ష అవగానే ఫోన్లో "Linked devices"లోకి వెళ్లి ఆ తాత్కాలిక కనెక్షన్ తీసేశాడు. తీయకపోతే నాలుగింట్లో ఒక చోటు అది ఆక్రమించుకుని కూర్చుంటుంది.

తర్వాత మామూలు కిటికీలో, గీత ఆగి ఉన్న పేజీ మీద ఎఫ్12 నొక్కి కన్సోల్ చూశాడు. తెరమీద పెదవి విప్పని పేజీ అక్కడ ఎర్ర అక్షరాల్లో వాంగ్మూలం ఇచ్చేసి ఉంది:

```
Internal error opening backing store for indexedDB.open.
```

డేటాబేసు ఉన్న ఫైళ్లను తెరవలేకపోతున్నానని దీని అర్థం. అలా ఎందుకైందో తెలియడానికి ఇంకెక్కడికో వెళ్లక్కర్లేదు, మై కంప్యూటర్ తెరిస్తే సీ డ్రైవు గీత ఎర్రగా, అంచుదాకా నిండి ఉంది. వచ్చిన ప్రతి ఆధార్ కార్డూ, ప్రతి శుభలేఖా డౌన్‌లోడ్స్‌లో పేరుకుపోయి కొండైంది. అందులో ఎవరెవరి ఫొటోలు, ఖాతా నంబర్లు ఉన్నాయో తలచుకుంటే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేద్దాం. డిస్కులో చోటు లేక రాత కుంటుతూ ఉండగా కరెంటు పోయింది. డేటాబేసు సగంలో తెగింది.

కాబట్టి మొదటి పని చోటు చేయడం. ఇది మరిచిపోయి డేటా ఒక్కటే చెరిపితే రెండు రోజుల్లో మళ్లీ అదే గీత. మేనల్లుడు డౌన్‌లోడ్స్ ఖాళీ చేశాడు, రీసైకిల్ బిన్ను కూడా ఖాళీ చేశాడు. చెత్తబుట్టలో వేసింది కూడా డిస్కులోనే ఉంటుందన్న సంగతి అప్పటిదాకా ఓనరుకి తెలియదు. ఆ తర్వాత ఫోన్లో పాత కంప్యూటరు లింకు తీసేశాడు. ఎఫ్12 పెట్టెలోనే "Application" అన్న ట్యాబు, అందులో "Storage", అక్కడ "Clear site data" అన్న మీట. ఈ మీట వాట్సాప్ ఒక్కదాని సామానునే చెరుపుతుంది, బ్యాంకు జోలికి పోదు. చాలా కేసులు ఇక్కడితో ముగుస్తాయి. పేజీ రిఫ్రెష్ చేస్తే క్యూఆర్ కోడు వచ్చేస్తుంది.

ఇక్కడ మాత్రం రాలేదు. డేటాబేసు ఎంతగా విరిగిందంటే, చెరపడానికి కూడా బ్రౌజరు దాన్ని తెరవలేకపోయింది. అప్పుడు క్రోమ్‌ని పూర్తిగా మూసి, టాస్క్ మేనేజరులో ఇంకా వెనకాల నడుస్తున్నదాన్ని కూడా ఆపి, ఈ ఫోల్డరు ఒక్కటీ తీసేశాడు:

```
%LOCALAPPDATA%\Google\Chrome\User Data\Default\IndexedDB\
  https_web.whatsapp.com_0.indexeddb.leveldb
```

క్రోమ్‌లో ఒకటికన్నా ఎక్కువ ప్రొఫైళ్లు ఉంటే Default బదులు Profile 1 లాంటి పేరు ఉంటుంది. ఏదన్నది chrome://version అని కొడితే అక్కడే కనిపిస్తుంది. పక్కనున్న వేరే సైట్ల ఫోల్డర్లు ముట్టుకోకూడదు. క్రోమ్ తెరిచాడు, క్యూఆర్ వచ్చింది, స్కాన్ అయింది, మెసేజీలు దిగడం మొదలైంది. ఫోన్లో ఉన్నది ఏదీ పోలేదు. పోయింది ఆ కంప్యూటర్లో టైపు చేసి పంపకుండా వదిలేసిన చిత్తులూ, కంప్యూటరు పోగేసుకున్న పాత నకళ్లూ. ఫోను మళ్లీ పంపినంత మేర చరిత్ర వస్తుంది. అంతకు ముందువి కావాలంటే ఫోన్లోనే చూసుకోవాలి.

హార్డ్‌వేర్ కుర్రాడు ఇదంతా చూసి, "నేనూ అదే చెబుదామనుకున్నా" అని, విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లాడు.

గీత ఆగిపోవడం ఒక రకం. రోజూ పొద్దున్నే క్యూఆర్ కోడు అడగడం ఇంకో రకం. ఈ రెండోది ఎక్కువగా స్వయంకృతం, అందుకే దీని బాధితులు ఎక్కువ కోపంగా ఉంటారు. వీళ్లలో ముఖ్యులు శుభ్రత పిచ్చివాళ్లు. కంప్యూటరు వేగం పెంచుతానని ఊరించే క్లీనరు సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కడో ఉచితంగా దొరుకుతుంది. అది రోజూ సాయంత్రం ఊడ్చి, ఇన్ని ఎంబీలు ఆదా చేశానని ఆకుపచ్చ టిక్కు చూపిస్తుంది. ఆ ఆదా చేసినవాటిలో మీ వాట్సాప్ తాళాలూ ఉన్నాయి. పొద్దున లేచి ఈయన "ఈ వాట్సాప్ వెధవది రోజూ లాగౌట్ అయిపోతోంది" అని తిడుతూ స్కాన్ చేస్తాడు. సాయంత్రం మళ్లీ ఆకుపచ్చ టిక్కు చూసి సంతోషిస్తాడు. తాళాలు పారేసేదీ తనే, తలుపు తెరుచుకోలేదని కొట్టేదీ తనే. కొందరికి క్లీనరు కూడా అక్కర్లేదు. కిటికీలన్నీ మూసినప్పుడు సైట్ల డేటా చెరిపేయమనే అమరిక క్రోమ్‌లోనే chrome://settings/content/siteData దగ్గర ఉంది. ఎప్పుడో ఎవరో వీడియోలో చెప్పారని పెట్టుకుని మరిచిపోయారు. అది వద్దనుకుంటే మార్చుకోవచ్చు, కావాలనుకుంటే వాట్సాప్ ఒక్కదానికి అక్కడే మినహాయింపు ఇవ్వచ్చు. ఇక నెట్ సెంటర్లలో రీస్టార్ట్ చేయగానే డిస్కుని నిన్నటి స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. అక్కడ లాగౌట్ కాకపోతేనే భయపడాలి.

మరచిపోయింది ఎవరో తెలుసుకోవడానికి ఫోను ఒక్కటి చాలు. కంప్యూటరు క్యూఆర్ కోడు అడుగుతున్నప్పుడు, స్కాన్ చేయకముందే, ఫోన్లో "Linked devices" తెరిచి చూడాలి. ఆ జాబితాలో మీ కంప్యూటరు పేరు ఇంకా ఉందంటే, ఫోను దాన్ని గుర్తుపెట్టుకుంది, కంప్యూటరే తన తాళాలు పారేసుకుంది. క్లీనరుని, అమరికల్ని, డిస్కుని అనుమానించండి. పేరే లేదంటే లింకు అవతల తెగింది. మీరో ఇంకొకరో ఫోన్లో తీసేసి ఉండాలి, లేదా ఫోను 14 రోజులకు పైగా వాట్సాప్ తెరవకుండా పడి ఉండాలి. అన్ని రోజులు తెరవకపోతే లింకులు రద్దవుతాయన్నది వాళ్లే పెట్టుకున్న నియమం. పెద్దాయన ఫోను బీరువాలో పెట్టి కంప్యూటర్లో మాత్రమే వాడే ఇళ్లలో ఇదే జరుగుతుంది. అక్కడ సైట్ డేటా ఎంత చెరిపినా లాభం లేదు.

ఇక మూడో జాతి, పాత బ్రౌజరు. నిజానికి ఇందులో పేజీ కొంత నిజాయితీగానే ఉంటుంది. "WhatsApp works with Google Chrome 60+" అని ఒకప్పుడు, తర్వాత "85+" అని, ముఖం మీదే చెబుతుంది. అప్‌డేట్ చేస్తే పోతుంది. కానీ విండోస్ 7 వాళ్లకి అప్‌డేట్ ఎక్కడిది? 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109 వాళ్లకి ఆఖరిది. ఆ మరుసటి నెల వచ్చిన 110కి విండోస్ 10 ఉండాలి. ఫైర్‌ఫాక్స్ అయినా 115 దగ్గరే ఆగుతుంది. అయినా మనవాళ్లు ఊరుకుంటారా? బ్రౌజరు తన పేరు, వయసు చెప్పే గుర్తింపు వరసని, యూజర్ ఏజెంట్ అంటారు దాన్ని, ఎక్స్‌టెన్షనుతో మార్చేస్తారు. స్కూల్లో చేర్చడానికి పుట్టినతేదీ దిద్దించిన అనుభవం ఉన్న జాతి మనది. గేటు దాటేస్తారు. లోపల అడుగు పెట్టగానే, పాత బ్రౌజరుకి అర్థంకాని కొత్త రాత ఎదురవుతుంది. 2020లో వచ్చిన క్రోమ్ 80కి ముందువాటికి `?.` అన్న చిన్న గుర్తే తెలియదు. కన్సోల్లో `Uncaught SyntaxError` అని ఎర్రగా పడి, ప్రోగ్రాము మొదలుకాకుండానే చస్తుంది. తెరమీద మాత్రం అదే గుర్తు, అదే కదలని గీత. ఇప్పుడు ఇన్‌కాగ్నిటోలో చూసినా తెరుచుకోదు, సైట్ డేటా చెరిపినా తెరుచుకోదు. అదే ఈ రోగం గుర్తు కూడా. chrome://settings/help దగ్గర వెర్షన్ నంబరు చూసుకుంటే ఆ సంగతి అర నిమిషంలో తేలేది.

ఈ కంప్యూటర్లు ఎక్కువగా మిగిలింది సర్కారీ ఆఫీసుల్లో. ఒక ఆఫీసులో విండోస్ 7 పెట్టెని కండెమ్ చేయమని ఫైలు కదిలి చాలాకాలమైంది. కండెమ్ కావాలంటే అది పనిచేయడం లేదని రుజువు ఉండాలి. పై ఆఫీసు నుంచి ఆదేశం వచ్చింది: సదరు కంప్యూటరు పరిస్థితిని తెలిపే ఫొటో, పూర్తిచేసిన ప్రొఫార్మా, ఆఫీసు కంప్యూటరు నుంచే, సాయంత్రం అయిదులోగా, వాట్సాప్ గ్రూపులో పెట్టవలెను.